విశాఖ కొండరాయిని కంటితో చదవడం: రంగు, మెరుపు, స్ఫటికం, పొరలు

విశాఖపట్నం చుట్టుపక్కల కొండను కోసి రోడ్డు వేసిన చోట, ఇంటి పునాదికి గుంత తీసిన చోట ఒక రాయి కనబడుతుంది. పైకి తుప్పు పట్టిన ఇనుములా గోధుమ ఎరుపు. విరగ్గొడితే లోపల తెల్లటి, బూడిదరంగు చారలు, వాటి మధ్య ముదురు ఎరుపు చుక్కలు, అక్కడక్కడ తళుక్కుమనే నల్లటి రేకులు. దీనికి అక్కడివాళ్ళు రకరకాల పేర్లు చెబుతారు. ఇసుకరాయి అనేవాళ్ళున్నారు, ఇనుపరాయి అనేవాళ్ళున్నారు, ఎర్ర గ్రానైట్ అనేవాళ్ళూ ఉన్నారు. మూడూ కాదు. మరి ఏమిటో కంటితోనే ఎలా తేల్చుకోవాలి? ఈ ఒక్క రాయిని పట్టుకుని రంగు, మెరుపు, స్ఫటికాకారం, పొరలు, ఈ నాలుగింటినీ వరుసగా చూద్దాం. పద్ధతి తెలిస్తే ఇంకే రాయికైనా ఇదే వరుస పనికొస్తుంది.

ముందు చేతిలో ఉండాల్సినవి

పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న మడత లెన్స్ ఒకటి ఉంటే సగం పని అయినట్టే. దాన్ని చాలామంది రాయి మీద పెట్టి, తల దూరంగా ఉంచి చూస్తారు. అలా చూస్తే ఏమీ కనబడదు. లెన్స్‌ను కంటికి ఆనించినట్టు పెట్టుకుని, రాయినే దగ్గరకు తెచ్చుకోవాలి. సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో గింజలు స్పష్టంగా కనబడతాయి. వెలుగు రాయి మీద పడేలా నిలబడండి, మీ తల నీడ దానిమీద పడకూడదు.

దాంతోపాటు ఒక స్టీలు చాకు, ఒక పాత టైలు ముక్క, ఒక అయస్కాంతం, నీళ్ళ సీసా, తెల్ల కాగితం. టైలుకు నునుపైన పైభాగం కాదు, గరుకుగా ఉండే వెనకభాగం కావాలి. రాయి పగలగొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. పలుగురాయి పెచ్చు కంట్లో పడితే గాజు పెంకు పడినట్టే. ఒక రాయితో ఇంకో రాయిని కొట్టడం కూడా మంచిది కాదు, సుత్తి వాడండి.

అన్ని చోట్లా రాళ్ళు ఏరుకోకూడదు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లాంటి రక్షిత స్థలాల్లో చూడటం, ఫోటో తీసుకోవడం వరకే. మన అవసరానికి రోడ్డు పక్కన, పునాది గుంతల పక్కన కుప్పపోసిన ముక్కలు చాలు.

తాజా ముఖం లేనిదే మొదలుపెట్టకండి

ఎండా వానా తిన్న రాయి పైతోలు ఆ రాయి గురించి తక్కువే చెబుతుంది. అది చెప్పేది ఎక్కువగా గాలి, నీరు ఆ రాయిని ఏం చేశాయన్నది. మన రాయికి ఉన్న తుప్పురంగు అలాంటిదే. లోపలి ఖనిజాల్లోని ఇనుము నీటితో, గాలితో కలిసి ఐరన్ ఆక్సైడ్‌గా మారి పైకంతా పాకింది. అందుకే ఇనుపరాయి అని పొరబడేవాళ్ళు ఎక్కువ.

అంచు మీద గట్టిగా ఒక దెబ్బ వేస్తే పెచ్చు లేచి తాజా ముఖం బయటపడుతుంది. దుమ్ము కడిగి, తడిగా ఉండగా ఒకసారి, ఆరాక మరోసారి చూడాలి. తడి రాయిలో రంగులు, చారలు బాగా తెలుస్తాయి. కానీ తడి ఉన్నంతసేపూ అన్ని గింజలూ మెరుస్తాయి కాబట్టి మెరుపును ఆరాకే అంచనా వేయాలి. ఈ ఒక్క తేడా మరిచిపోయి, మట్టిలా మెరుపు లేకుండా ఉండే ఖనిజాన్ని గాజులా మెరుస్తోందని రాసుకునేవాళ్ళు చాలామంది.

కొన్ని ముక్కలు ఎంత పగలగొట్టినా లోపలంతా పసుపు గోధుమ రంగే కనబడుతుంది, గోటితో గీకితే పిండిలా రాలుతుంది. దాన్ని వదిలేయండి. విశాఖ కొండల మీద ఈ మార్పు చాలా లోతుకు పోయి ఉంటుంది. గట్టి ముక్క కోసం కోతలో కిందిభాగం నుంచి రాలినవాటిని చూడాలి. అదీ కుప్పలోంచే, నిలబడి ఉన్న కోతను తవ్వకండి, మీద విరిగిపడుతుంది.

తాజా ముఖం దొరికాక మొదటి ప్రశ్న: ఇది ఒకే ఖనిజమా, చాలా ఖనిజాలు కలిసిన శిలా? ముఖమంతా ఒకే రంగు, ఒకే మెరుపు, ఒకే తీరున విరగడం ఉంటే ఒకే ఖనిజం కావచ్చు. మన రాయిలో కనీసం నాలుగు రకాల గింజలు కంటికే కనబడుతున్నాయి, అంటే శిల. శిలను మొత్తంగా గుర్తుపట్టే ప్రయత్నం చేయకూడదు. ముందు ఒక్కో గింజ ఏమిటో తేల్చాలి, ఆ తర్వాత అవి ఎలా అమరి ఉన్నాయో చూడాలి. శిల పేరు ఆ రెండింటి నుంచే వస్తుంది.

రంగు: అన్నిటికంటే ముందు కనబడేది, అన్నిటికంటే తక్కువ నమ్మాల్సింది

కొన్ని ఖనిజాలకు రంగు వాటి కూర్పులోనే ఉంటుంది. మాలకైట్ రాగి వల్ల ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటుంది. గంధకం పసుపే. ఇవి తక్కువ. ఎక్కువ ఖనిజాలకు రంగు బయటినుంచి చేరిన కొద్దిపాటి మూలకాల వల్ల వస్తుంది. పలుగురాయి అసలు రంగులేనిది. అందులో కాస్త ఇనుము చేరి, చుట్టూ ఉన్న శిలల సహజ రేడియేషన్ తగిలితే ఊదారంగు అమెథిస్ట్ అవుతుంది. అల్యూమినియం చేరి అదే రేడియేషన్ తగిలితే పొగరంగుకు మారుతుంది. లోపల సన్నటి పగుళ్ళు, బుడగలు ఉంటే పాలలా తెల్లబడుతుంది. ఒకే ఖనిజం ఇన్ని రంగుల్లో ఉన్నప్పుడు "తెల్లగా ఉంది కాబట్టి ఫలానా" అనే మాట నిలవదు. తెల్లటి రాయి పలుగురాయి కావచ్చు, ఫెల్డ్‌స్పార్ కావచ్చు, కాల్సైట్ కావచ్చు, మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయి, అంటే బెరైటీస్, కూడా కావచ్చు. ముగ్గురాయిని చేత్తో ఎత్తితేనే తెలిసిపోతుంది. పలుగురాయి సాంద్రత 2.65 అయితే దీనిది దాదాపు 4.5. చూడటానికి మామూలు రాయి, ఎత్తితే చెయ్యి కిందికి లాగుతుంది.

రంగు కంటే నమ్మకమైంది పొడి రంగు. టైలు వెనకభాగం మీద రాయిని గట్టిగా గీస్తే పడే చారిక అది. హెమటైట్ ముద్ద నల్లగా ఉన్నా, ఉక్కురంగులో మెరుస్తున్నా చారిక ఎర్రటి గోధుమ రంగులోనే పడుతుంది. మాగ్నటైట్ చారిక నలుపు, పైగా అయస్కాంతానికి అతుక్కుంటుంది. బంగారమని మోసపోయే పైరైట్ చారిక ఆకుపచ్చ కలిసిన నలుపు. అయితే టైలు కంటే గట్టి ఖనిజాలు చారిక ఇవ్వవు, టైలునే గీసేస్తాయి. పలుగురాయి, గార్నెట్ ఈ కోవలోవి. అప్పుడు టైలు మీద కనబడే తెల్ల గీత రాయి పొడి కాదు, టైలు పొడి. వేలితో తుడిచి కింద గాడి పడిందో లేదో చూస్తే తెలుస్తుంది.

మన రాయిలోని ఎర్ర చుక్కల్ని ఇప్పుడు చూడండి. తుప్పు మరకలా, లేక ఎర్రటి గింజలా? తుప్పు మరకకు అంచు ఉండదు, పగుళ్ళ వెంట పాకి ఉంటుంది, గింజల మధ్య సందుల్లో పేరుకుని ఉంటుంది. గింజకు స్పష్టమైన అంచు ఉంటుంది. లెన్స్‌లో చూస్తే దానిమ్మ గింజలా లోపలినుంచి ఎరుపు తేలుతుంది. పలచటి అంచు దగ్గర వెలుగు కాస్త లోపలికి పోయి వస్తుంది. మన చుక్కలు ఈ రెండో రకం. చాకు మొనతో గీస్తే వాటిమీద గీత పడదు, పైగా చాకు లోహం బూడిదరంగు గీతగా అంటుకుంటుంది. అంటే స్టీలు కంటే గట్టివి. హెమటైట్ ఎరుపు అయ్యుంటే టైలు మీద ఎర్ర చారిక పడాలి, ఇక్కడ పడలేదు.

మెరుపు: రాయిని తిప్పుతూ చూడాలి

మెరుపులో మొదటి విభజన లోహపు మెరుపా కాదా అని. లోహపు మెరుపున్న ఖనిజంలోంచి వెలుగు అసలు దూరదు, సన్నటి అంచు దగ్గర కూడా. లోహపు మెరుపు లేనివాటిలో చాలా తరగతులున్నాయి కానీ రోజువారీ పనికి నాలుగైదు చాలు: గాజు మెరుపు, ముత్యపు మెరుపు, పట్టు మెరుపు, నూనె పూసినట్టుండే జిడ్డు మెరుపు, అసలు మెరవని మట్టి తీరు.

అసలు కిటుకు తిప్పడంలో ఉంది. కిటికీ వెలుగు ఒక పక్కనుంచి పడేలా కూర్చుని, ముక్కను వేళ్ళ మధ్య మెల్లగా తిప్పండి. కొన్ని గింజలు ఒక కోణంలో ముఖమంతా ఒక్కసారిగా తెల్లగా వెలిగి, కాస్త తిప్పగానే ఆరిపోతాయి. అంటే అక్కడ చదునైన తలం ఉంది. కొన్ని గింజలు ఏ కోణంలోనూ అలా వెలగవు, ఎప్పుడూ చిన్న చిన్న మెరుపులు అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. అంటే అక్కడ చదునైన తలం లేదు, గాజు విరిగినట్టు వంపులుగా విరిగింది. మొదటిది ఫెల్డ్‌స్పార్, రెండోది పలుగురాయి. తెల్లటి గింజలున్న శిలల్లో ఈ రెండింటినీ విడదీయడానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు. మన రాయిలో రెండూ ఉన్నాయి. బూడిదరంగులో తడిగా ఉన్నట్టు కనబడే గాజు గింజలు పలుగురాయి. సుద్దలా తెల్లబడి, అక్కడక్కడ మాత్రం తళుక్కుమనేవి ఫెల్డ్‌స్పార్. సుద్దలా కావడానికి కారణం ఫెల్డ్‌స్పార్ వాన నీటికి మెల్లగా తెల్లబంకమట్టిగా మారిపోవడం. పలుగురాయి అలా మారదు.

ఇక నల్లటి రేకులు. మెరిసే నల్లరేకు కనబడగానే నల్ల అభ్రకం, అంటే బయోటైట్ అనేయడం అందరికీ అలవాటు. మూడు చిన్న పరీక్షలు చేయండి. రేకును సూదితో లేపి చూడండి. అభ్రకమైతే సన్నటి పొరగా లేచి, వంచి వదిలితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది. గ్రాఫైట్ అయితే వంగిపోయి అలాగే ఉండిపోతుంది. రేకుతో తెల్ల కాగితం మీద రాయండి. గ్రాఫైట్ పెన్సిలు గీత పెడుతుంది, ఎందుకంటే పెన్సిల్లో ఉండేదీ అదే. అభ్రకం ఏ గీతా పెట్టదు. చివరిగా వేళ్ళ మధ్య రుద్దండి, గ్రాఫైట్ జారుడుగా ఉండి వేలికి నల్లమసి అంటిస్తుంది. మన రాయిలోని రేకులు ఉక్కు బూడిదరంగులో లోహంలా మెరిసి కాగితం మీద గీత పెట్టాయి. అంటే గ్రాఫైట్. ఈ గుర్తింపును తేలిగ్గా తీసుకోకండి, రాయి పుట్టుక తెలుసుకోవడానికి తర్వాత అవసరమవుతుంది.

ఇంకొకటి మిగిలింది. పొరల వెంట, ముఖ్యంగా ఎర్ర గింజల చుట్టూ, తెల్లటి సన్నని పోగులు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. వాటి మెరుపు గాజుది కాదు, పట్టుది. తిప్పుతుంటే పోగుల పొడవునా వెలుగు జారుతుంది. పట్టు మెరుపు అంటే ఎప్పుడూ పోగు నిర్మాణమే. ఇవి సిల్లిమనైట్. ఒక జాగ్రత్త: పోగులున్న రాయి ఏదైనా సరే, ఏమిటో తేలేవరకు పొడిగా గీకకండి, పోగులు ఊదకండి. పులివెందుల ప్రాంతంలో దొరికే ఆస్బెస్టాస్ కూడా పట్టులా మెరిసే పోగే, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. రెండింటికీ తేడా ఏమిటంటే ఆస్బెస్టాస్ పోగులు దూదిలా విడిపోయి వంగుతాయి, సిల్లిమనైట్ పోగులు పెళుసుగా ఉండి శిలలో గట్టిగా ఇరుక్కుని ఉంటాయి. అయినా ఆ తేడాను తడిపి, లెన్స్‌తో చూసి తెలుసుకోండి, గోటితో కాదు.

స్ఫటికం ముఖం వేరు, విరిగిన ముఖం వేరు

కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చదునుగా, నునుపుగా ఉన్న ప్రతి ముఖాన్నీ స్ఫటికపు ముఖం అనుకుంటారు. స్ఫటికం పెరుగుతూ ఏర్పరచుకున్న ముఖం ఒకటి, విరిగినప్పుడు బయటపడిన చీలిక తలం మరొకటి. రెండూ పరమాణువుల అమరిక వల్లే వస్తాయి కానీ ఒకటి కాదు. తేడా తెలుసుకోవాలంటే ఆ ముఖం పక్కనే దానికి సమాంతరంగా మెట్లు మెట్లుగా ఇంకా ముఖాలున్నాయా చూడండి. ఉంటే అది చీలిక. మళ్ళీ కొడితే అదే దిశలో మళ్ళీ చీలుతుంది. పెరిగిన ముఖం అయితే ఒక్కసారి విరిగితే పోయినట్టే, మళ్ళీ రాదు. పెరిగిన ముఖం మీద తరచు సన్నటి గీతలు కూడా ఉంటాయి.

పలుగురాయే దీనికి మంచి పాఠం. ఖాళీ జాగాలో పెరిగితే ఆరు పలకల స్తంభంగా, కొన మొనదేలి ఉంటుంది. ఆ పలకల మీద అడ్డంగా సన్న గీతలుంటాయి. అంత అందమైన ముఖాలున్నా పలుగురాయికి చీలిక లేదు, కొడితే గాజులా వంపులుగా విరుగుతుంది. కాల్సైట్ దానికి తలకిందులు. ఎలా కొట్టినా ఒరిగిన పెట్టె ఆకారంలోనే, సుమారు 75, 105 డిగ్రీల కోణాలతో ముక్కలవుతుంది. ఆ ముక్క స్ఫటికం పెరిగిన ఆకారం కాదు, చీలిక ఇచ్చిన ఆకారం. ఫెల్డ్‌స్పార్‌కు రెండు చీలికలు, దాదాపు లంబకోణంలో కలుస్తాయి. అభ్రకానికి ఒక్కటే, కానీ పరిపూర్ణమైనది. గూడూరు ప్రాంతపు గనుల్లో అభ్రకం పుస్తకంలా ఆకులు ఆకులుగా లేవడం అందువల్లే.

శిల లోపల పెరిగిన గింజలకు చుట్టూ పక్కవాళ్ళుంటారు కాబట్టి సొంత ఆకారం తెచ్చుకునే అవకాశం తక్కువ. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ వంకరటింకరగా ఇరుక్కుంటాయి. గార్నెట్ మాత్రం మొండిది. పక్కవాటిని నెట్టుకుని, లేదా తినేసి, గుండ్రంగా పెరుగుతుంది. మంచి నమూనాలో 12 పలకలు, ఒక్కో పలక వజ్రం గుర్తు ఆకారంలో. మన రాయిలో అంత పరిపూర్ణమైనవి దొరకడం కష్టం, గుండ్రటి గడ్డల్లాగే కనబడతాయి. కానీ విరిగినచోట చూస్తే ఒక్క చదునైన తలమూ లేదు, చీలిక లేదు. గుండ్రటి ఆకారం, ముదురు ఎరుపు, చీలిక లేకపోవడం, స్టీలు గీయలేని గట్టిదనం, ఈ నాలుగూ కలిసినప్పుడు గార్నెట్ అని ధైర్యంగా రాసుకోవచ్చు. ఏ రకం గార్నెట్ అనేది మాత్రం కంటికి తెలియదు. ఎరుపు చూసి ఇనుము ఎక్కువున్న అల్మండైన్ అని ఊహించవచ్చు, అది ఊహే. రసాయన పరీక్ష లేకుండా లేబుల్ మీద రాయకండి.

పొరలు: ఎవరి పొరలు ఇవి?

పొరలు కనబడగానే "నీటిలో పేరుకున్న రాయి" అని తీర్మానించేస్తారు. స్కూల్లో అలా నేర్పడమే కారణం కావచ్చు. పొరలకు కనీసం నాలుగు పుట్టుకలున్నాయి. ఒకటి, ఖనిజం సొంత పొరలు, అభ్రకం ఆకుల్లా. రెండు, మట్టి, ఇసుక, సున్నం ఒకదానిమీద ఒకటి పేరుకోవడం. మూడు, భూగర్భంలో వేడికి, ఒత్తిడికి ఖనిజాలు మళ్ళీ పుట్టి ఒకే దిశలో వరుసకట్టడం. నాలుగు, నీరు ఇంకి తుప్పు మరకలు వలయాలుగా ఏర్పడటం, ఇవి దొంగ పొరలు.

దొంగ పొరల్ని ముందు పక్కన పెట్టేద్దాం. తుప్పు వలయాలు పగుళ్ళకు, రాయి బయటి అంచుకు సమాంతరంగా వంపు తిరుగుతాయి. గింజల అమరికతో వాటికి సంబంధం ఉండదు, గింజల్ని అడ్డంగా దాటుకుంటూ పోతాయి. గోధుమ చార మీద లెన్స్ పెట్టి, చారకు ఇటూ అటూ గింజల రకం, పరిమాణం మారిందా చూడండి. రంగు మాత్రమే మారి గింజలు అలాగే ఉంటే అది మరక. మన రాయి పైతోలులో ఇలాంటివి దండిగా ఉంటాయి, నమూనా సగం పాతబడినదైతే అసలు పొరలకంటే ఇవే ఎక్కువ కనబడతాయి.

ఇప్పుడు రెండో, మూడో రకాల్ని విడదీయాలి. పేరుకున్న పొరకు మంచి ఉదాహరణ ఇళ్ళలో పరిచే నాపరాయి. తాండూరుదైనా బేతంచెర్లదైనా పలకలు పలకలుగా లేస్తుంది. దాని ముఖం లెన్స్‌లో చూసినా గింజ తెలియనంత మెత్తగా, మెరుపు లేకుండా ఉంటుంది. గీకి పొడిచేసి నిమ్మరసం చుక్క వేస్తే చిన్న బుడగలు లేస్తాయి, సున్నపురాయి కాబట్టి. ఇసుకరాయి అయితే గింజలు కనబడతాయి. అవి నీటిలో దొర్లి అంచులు అరిగినవి, మధ్యలో ఏదో బంక వాటిని అతికించింది. గట్టిగా రుద్దితే గింజలు గింజలుగా రాలవచ్చు.

మన రాయిలో పరిస్థితి వేరు. గింజల మధ్య బంక లేదు, ఖాళీ లేదు, ఒకదాని అంచు ఇంకోదాని అంచులోకి ఇరుక్కుని ఉంది. పొరను పక్కనుంచి, అంటే పుస్తకం అంచు చూసినట్టు చూస్తే, రేకులూ పోగులూ అన్నీ ఒకే దిశకు పడుకుని ఉన్నాయి. అసలు సాక్ష్యం గార్నెట్ల దగ్గర ఉంది. పోగుల వరుస గార్నెట్ దగ్గరికి వచ్చి, దాన్ని చుట్టుకుని వంగి, అవతల మళ్ళీ కలుస్తుంది. నీటిలో పేరుకున్న గులకరాయి చుట్టూ కూడా మట్టి పొర కాస్త వంగుతుంది కానీ అక్కడ గులకరాయి అరిగి ఉంటుంది, చుట్టూ కొత్త పోగులు పుట్టవు. గట్టి గింజ చుట్టూ కొత్త ఖనిజాలు ఒరుసుకుని వరుసకట్టాయంటే ఆ రాయి ఘనస్థితిలోనే ఒత్తిడికి మారింది. అంటే రూపాంతర శిల.

ఈ పరీక్షకు రాయిని కనీసం రెండు దిశల్లో చూడాలి. పొరకు సమాంతరంగా విరిగిన ముఖాన్ని మాత్రమే చూస్తే పొరలే కనబడవు, మెరిసే రేకుల చాప మాత్రమే కనబడుతుంది. అందుకే ముక్కను పొరలకు అడ్డంగా కూడా ఒకసారి విరగ్గొట్టండి.

పేరు పెట్టడం

ఇప్పటివరకు తేలింది: పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్, వరుసకట్టిన పొరలు. ఈ ఖనిజాలు ఇలా కలిసి ఉండే శిల పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉండే శిల ఇది. ఒడిశా కొండల్లోని ఖోండ్ ప్రజల పేరు మీద టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో దీనికి ఆ పేరు పెట్టాడు. కోణార్క్ సూర్యదేవాలయంలో ఎక్కువగా వాడింది ఈ రాయే. అక్కడి శిల్పాలు అరిగిపోవడానికి ఒక కారణం మనం పైన చూసినదే, ఫెల్డ్‌స్పార్ మట్టిగా మారడం, గార్నెట్ తుప్పుగా మారడం.

ఖనిజాలు తెలిశాక పుట్టుక కూడా చదవవచ్చు. సిల్లిమనైట్‌లో అల్యూమినియం ఎక్కువ. అంత అల్యూమినియం మామూలుగా బంకమట్టిలో ఉంటుంది. గ్రాఫైట్ శుద్ధ కార్బన్, చాలావరకు ఆ బురదలో కలిసిన సేంద్రియ పదార్థం నుంచి మిగిలింది. అంటే ఈ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి ఇలా మారింది. ఇసుకరాయి అన్నవాళ్ళు పూర్తిగా తప్పు కాదన్నమాట, చాలా ఆలస్యంగా చెబుతున్నారంతే. అల్యూమినియం ఎక్కువ కావడం వల్లే తూర్పు కనుమల్లో ఈ శిల వానలకు కుళ్ళినచోట పైన బాక్సైట్ ఏర్పడింది. ఈ శిలలోంచి రాలిన గార్నెట్లు వాగుల్లో కొట్టుకొచ్చి భీమిలి వైపు సముద్రపు ఇసుకలో ఎర్రటి చారలుగా కనబడతాయి.

అదే కొండల్లో పొరబడే అవకాశమున్న రాయి చార్నొకైట్. తాజా ముఖం ముదురు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులో, నూనె రాసినట్టు జిడ్డుగా మెరుస్తుంది. అందులోని పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ కూడా తెల్లగా ఉండక అదే రంగు పులుముకుని ఉంటాయి. పొరలు అంతగా తెలియవు, సిల్లిమనైట్ పోగులుండవు. గార్నెట్ మాత్రం రెండింటిలోనూ ఉండవచ్చు, కాబట్టి గార్నెట్ ఒక్కటి చూసి తేల్చకండి. గార్నెట్ ఉండి, సిల్లిమనైట్ బదులు నల్ల అభ్రకం పొరలు దండిగా ఉంటే దాన్ని గార్నెట్ బయోటైట్ నైస్ అనే చారల రూపాంతర శిలగా రాసుకోవడం మేలు.

వ్యాపారపు పేర్లను మాత్రం పక్కన పెట్టండి. రాళ్ళ అంగట్లో పాలిష్ పట్టేదంతా గ్రానైటే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని కూడా గ్రానైట్ అనే అమ్ముతారు, కానీ అది గాబ్రో జాతి శిల. అందులో నక్షత్రాల్లా మెరిసేవి పైరాక్సీన్ అనే ఖనిజపు రేకులు, గ్రానైట్‌లో ప్రధానంగా ఉండాల్సిన పలుగురాయి అందులో దాదాపు లేదు.

కన్ను ఆగిపోయేచోటు

మిల్లీమీటరులో పదో వంతు కంటే చిన్న గింజలున్న శిలలో లెన్స్ కూడా పెద్దగా సాయం చేయదు. నల్లటి మెత్తని రాయి బసాల్టా, నల్ల సున్నపురాయా అనేది చాకు గీతతో, నిమ్మరసంతో తేలవచ్చు. కానీ నల్లటి మెత్తని రూపాంతర శిలలో ఏముందో కంటితో తేలదు. ఫోటో చూసి పేరు చెప్పమని అడిగేవాళ్ళకూ ఇదే జవాబు. బరువు, గట్టిదనం, తిప్పినప్పుడు వచ్చే మెరుపు ఫోటోలో రావు. తప్పనిసరైతే తడి ముఖానికి ఒకటి, పొడి ముఖానికి ఒకటి, పొరలకు అడ్డంగా విరిగిన ముఖానికి ఒకటి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీయండి.

కచ్చితంగా కావాలంటే భూగర్భశాస్త్ర విభాగమున్న విశ్వవిద్యాలయంలో పలచటి కోత చేయించాలి. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు పలక మీద అతికిస్తారు, అప్పుడు ఫెల్డ్‌స్పార్ ఏ రకమో, పోగులు నిజంగా సిల్లిమనైటో కాదో మైక్రోస్కోపులో తెలిసిపోతుంది. కోతకు ఇచ్చేముందు ముక్క మీద పొర దిశను మార్కర్‌తో గీసి, పొరకు అడ్డంగా కోయమని చెప్పండి.

ఇంట్లో దాచుకునే ముక్కకు ఒక మూల కాస్త తెల్ల పెయింటు వేసి నంబరు రాయండి. నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా ఎక్కడ, ఎప్పుడు దొరికిందో, కోతలోంచి రాలిందా లేక ఎక్కడినుంచో లారీలో తెచ్చి పోసినదా అన్నదీ రాయండి. తర్వాత చూసినవి, ఊహించినవి వేరు వేరు వరుసల్లో పెట్టండి. మన రాయికి చూసినవి: "గుండ్రటి ముదురు ఎరుపు గింజలు, చీలిక లేదు, స్టీలుకు గీత పడలేదు, పట్టు మెరుపున్న తెల్ల పోగులు, గింజల చుట్టూ వంగాయి, కాగితం మీద గీత పెట్టిన రేకులు." ఊహించినవి: "గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్, ఖోండలైట్." రేపు ఎవరైనా ఆ తెల్ల పోగులు సిల్లిమనైట్ కాదని చెబితే రెండో వరుసలో ఒక్క పేరు కొట్టేస్తే సరిపోతుంది, మొదటి వరుస అలాగే ఉంటుంది.